సేటుకు రాసే లెటర్‌ల గ్రాములు ఉండాలె

"నల్లగొండల ఒక బంగారం షాపు సేటుకు మూడు నెలల సోషల్ మీడియా ప్లాన్ పంపిన. రీచ్, ఎంగేజ్‌మెంట్ అన్నీ రాసిన. చూసి పక్కన పెట్టిండు. ఎట్ల రాయాలె?"

తమ్మీ, ఆ రెండు మాటలు తీసెయ్. సేటుకు తెలిసినవి గిరాకీ, గ్రాములు, తరుగు. నేనైతే ఇట్ల రాస్త:

"సేటు గారికి నమస్కారం. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి లక్ష్మీ రూపుల రీల్స్ వారానికి మూడు పెడతాను. భాద్రపదంలో పెత్రమాస దాకా గిరాకీ తక్కువ కాబట్టి అప్పుడు దసరా, ధన్‌తేరస్ వీడియోలు తీసి పెట్టుకుందాం. ఆశ్వయుజంలో అవి వరుసగా వస్తాయి. ప్రతి వీడియోలో నగ బరువు, తరుగు శాతం చెప్పి, అక్షరాలు, అంకెలు కలిసి ఆరు ఉండే హాల్‌మార్క్ కోడ్ హెచ్‌యూఐడీ దగ్గరగా చూపిస్తాను."

రీల్‌ల ధర మాత్రం వెయ్యకు. రేటు రోజూ మారుతది, రీల్ అట్లనే ఉంటది. నెల కిందటి వీడియో పట్టుకొచ్చి కౌంటర్ కాడ కొట్లాడుతరు. నా మొదటి గిరాకీ అట్లనే పోయింది. రేటు వాట్సాప్ స్టేటస్‌ల పెట్టు, 24 గంటలకు అదే పోతది.

ఆఖరుకు ఒక లైను: "కౌంటర్ దగ్గర చిన్న నోటుబుక్ పెడదాం. వీడియో చూసి వచ్చినవాళ్ల బిల్లు అందులో రాయండి. మొదటి నెలాఖరున అది చూసి, నన్ను ఉంచాలో వద్దో మీరే చెప్పండి."