వసారా దాటిన నాటిక

నేను ఎం.ఏ. థియేటర్ ఆర్ట్స్ రెండో ఏడాది చదువుతున్నాను. పరిషత్తుల్లో ఆడిన నా నాటికను సినిమా స్క్రిప్టుగా మార్చి, స్క్రీన్‌ప్లే రచయితగా అవకాశాల కోసం చూపించాలనుకుంటున్నాను. కథంతా ఒకే వసారాలో, ఒకే రాత్రి. పొద్దున ఇంటి రిజిస్ట్రేషన్. ఈలోగా తల్లిని ఒప్పించాలని ఇద్దరు కొడుకుల ప్రయత్నం. సినిమా కదా అని కాలువ గట్టు, పెద్దకొడుకు హైదరాబాద్ ఫ్లాట్ చేర్చాను. చదివినవాళ్లు బిగువు పోయిందంటున్నారు. స్క్రిప్టు పంపుతున్నాను. మళ్లీ వసారాకే పరిమితం చేయాలా?

అక్కర్లేదు. బయటికి వెళ్లడంలో తప్పులేదు, మీరు వెళ్లిన చోట్లే సరిగ్గా లేవు.

నాటికలో అన్నదమ్ములు గొడవపడే ఘట్టం చూడండి. లోపల తల్లి మంచం కిర్రుమన్నప్పుడల్లా ఇద్దరూ గొంతు తగ్గిస్తారు. అరవాలని ఉన్నా అరవలేరు. ప్రేక్షకుణ్ణి కట్టిపడేసేది ఆ గుసగుసే. స్క్రిప్టులో అదే గొడవను కాలువ గట్టు మీదికి తెచ్చారు. అక్కడ వినేవారు లేరు, కాబట్టి హాయిగా అరుచుకున్నారు. సంభాషణలు ఒక్క ముక్క మారకపోయినా సన్నివేశం చప్పబడింది. ఫ్లాట్ సన్నివేశం నష్టం ఇంకో రకం. పెద్దవాడి అప్పులు మనకు అక్కడే కనబడిపోయాయి. తర్వాత తల్లి ముందు అతను బయటపెట్టినప్పుడు అదే సంగతి రెండోసారి విన్నట్టవుతుంది.

ఇప్పుడు హిచ్‌కాక్ తీసిన ‘డయల్ ఎం ఫర్ మర్డర్’ (1954) దగ్గర పెట్టుకుని చూడండి. ఫ్రెడరిక్ నాట్ 1952 నాటి నాటకం అది, సినిమాకూ రాసింది ఆయనే. దాదాపు అంతా లండన్‌లో ఒక ఫ్లాట్‌లోనే జరుగుతుంది. భర్త భార్యను చంపించడానికి ఒకణ్ణి కుదురుస్తాడు. రాత్రి 11 గంటలకు విందు నుంచి ఇంటికి ఫోన్ చేస్తాడు, ఆమె లేచి వచ్చి ఫోన్ ఎత్తగానే తెర చాటున ఉన్నవాడు మీద పడాలి. రంగస్థలం మీద మనం హంతకుడితో పాటు గదిలోనే ఉంటాం. సినిమా మాత్రం భర్త దగ్గరికీ వెళ్తుంది. అతని గడియారం ఆగిపోయింది. ఆలస్యమైందని తెలిసి ఫోన్ దగ్గరికి పరుగెత్తితే, అక్కడ వేరొకరు మాట్లాడుతున్నారు. ఇటు గదిలో హంతకుడు విసిగి వెళ్లిపోబోతున్నాడు.

గది దాటాం, అయినా ఊపిరి సలపదు. కారణం, బయట ఉన్న మనిషి ప్రాణం కూడా గదిలోనే ఉంది. రెండు చోట్లా నడుస్తున్నది ఒకే గడియారం. ఆ ఆలస్యంలో హంతకుడు వెళ్లిపోతే బాగుండునని ఒక క్షణం, ఫోన్ దొరికితే బాగుండునని ఒక క్షణం అనిపిస్తుంది. రెండోది అనుకున్నందుకు మనకే కాస్త సిగ్గేస్తుంది.

అదే సినిమాలో భార్య మీద జరిగే కోర్టు విచారణ చూడండి. ఇంకొకరైతే న్యాయమూర్తి, వకీళ్లు, జనం, పెద్ద సెట్టు అన్నీ పెట్టేవారు. ఇక్కడ ఆమె ముఖం, వెనక మారే రంగుల వెలుగు, వినబడే గొంతులు, అంతే. చిటికెలో మళ్లీ ఫ్లాట్‌కు వచ్చేస్తాం.

ఇక మీ కథ. నాటికలో తమ్ముడు దస్తావేజు లేఖరిని పిలుచుకు రావడానికి వెళ్లి, పది నిమిషాల తర్వాత తిరిగి వస్తాడు. స్క్రిప్టులో ఆ ప్రయాణాన్ని ఒక్క వాక్యంతో దాటేశారు. అసలు తెరవాల్సిన తలుపు అదే. లేఖరి ఇంటికి తాళం ఉందనుకోండి. పక్కింటివాళ్లు పెళ్లికి వెళ్లాడంటారు. ఇక్కడ వసారాలో పెద్దవాడు ఒక్కడే ఉన్నప్పుడు తల్లి మెత్తబడి, ‘సరే, కాగితాలు తీసుకురా, ఏం రాశారో చదివి వినిపించు’ అంటుంది. కాగితాలు తమ్ముడి బండి డిక్కీలో ఉన్నాయి. తెల్లారితే ఆమె మనసు మారుతుందని పెద్దవాడికి తెలుసు. ఫోన్ చేస్తే మోగేది వసారాలోనే, తమ్ముడు మరచిపోయిన ఫోను. ఇప్పుడు ఊరంతా చూపించినా బిగువు సడలదు.

పెద్దవాడి అప్పులు తెలియాలంటే ఫ్లాట్ అక్కర్లేదు. ఒకే నంబరు నుంచి మూడుసార్లు ఫోన్ రావడం, మూడోసారి అతను దాన్ని బోర్లా పెట్టడం చాలు.

తిరగరాసేటప్పుడు ప్రతి సన్నివేశం పక్కన మార్జిన్‌లో ఆ కథలోని టైము వేయండి, 1.40, 1.55, ఇలా. టైము వేయడానికి కుదరని సన్నివేశం కనిపిస్తే, అంటే పాత జ్ఞాపకమో ఊరి అందమో అయితే, ముందు దాన్ని తీసి చదవండి. నూటికి తొంభై సార్లు లోటు తెలియదు. గతం తప్పనిసరి అనిపించిన చోట దాన్ని తల్లి నోట చెప్పించి, కెమెరాను వింటున్న కొడుకు మీద ఉంచమంటాను.

అవకాశాల కోసం వెళ్లేటప్పుడు మొత్తం స్క్రిప్టు ఇవ్వకండి. లేఖరి ఘట్టం నాటికలో ఎలా ఉందో రెండు పేజీలు, సినిమాకు ఎలా మారిందో ఎనిమిది పేజీలు జతచేసి ఇవ్వండి. అనుసరణ చేయగలరా లేదా అన్నది ఆ పక్కపక్క పేజీల్లోనే తెలిసిపోతుంది. ఎవరైనా హక్కులు అడిగితే నోటిమాటతో ఒప్పుకోకండి, మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉండాలి. కాలపరిమితి కూడా రాయించండి. రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లుగా లెక్కిస్తుంది.