స్పానిష్ గుస్తార్ వాక్యంలో ‘లే’ వదిలేయకూడదు

‘మా అమ్మకు పిల్లులంటే ఇష్టం’ అనడానికి స్పానిష్‌లో ‘మి మాద్రే గుస్తా లోస్ గాతోస్’ అని రాశాను. తప్పన్నారు. ఎక్కడ తప్పు?

అమ్మను కర్తగా పెట్టారు, అదే చిక్కు. ఇక్కడ కర్త పిల్లులు. ఇంగ్లీషు ‘లైక్’ను పక్కన పెట్టి మన ‘నచ్చు’తో ఆలోచించండి: అమ్మకు పిల్లులు నచ్చుతాయి.

1. పిల్లులు బహువచనం కాబట్టి ‘గుస్తాన్’. ఒక్క పిల్లి అయితే ‘గుస్తా’.

2. ‘అమ్మకు’ అంటే ‘ఆ మి మాద్రే’. ముందున్న ఆ ‘ఆ’ ఉండాలి.

3. ఎక్కువమంది వదిలేసేది ఇదే: ‘ఆ మి మాద్రే’ అన్నాక కూడా ‘ఆమెకు’ అని చెప్పే ‘లే’ తప్పనిసరి. తెలుగులో ‘అమ్మకు’ ఒక్కటే సరిపోతుంది కాబట్టి మనకిది రెండుసార్లు చెప్పినట్టు అనిపిస్తుంది. కానీ ఎవరి గురించో ముందే తెలిస్తే తీసేయగలిగేది ‘ఆ మి మాద్రే’నే. ‘లే’ను ఎప్పుడూ తీయకూడదు.

సరైన వాక్యం:
ఆ మి మాద్రే లే గుస్తాన్ లోస్ గాతోస్.

నచ్చవు అనాలంటే ‘నో’ సరిగ్గా ‘లే’ ముందు వస్తుంది:
ఆ మి మాద్రే నో లే గుస్తాన్ లోస్ గాతోస్.

అమ్మానాన్నలిద్దరికీ అయితే ‘లే’ కాస్తా ‘లెస్’ అవుతుంది, క్రియ మాత్రం మారదు:
ఆ మిస్ పాద్రేస్ లెస్ గుస్తాన్ లోస్ గాతోస్.

పాడటం, డాన్స్ చేయడం లాంటి పనులు ఎన్ని చెప్పినా ఏకవచనమే: లే గుస్తా కాంతార్ ఇ బైలార్.