అప్పు ఎగ్గొట్టేవాడు ఆస్తి అమ్మేసుకునేలోపు కోర్టు ద్వారా ఆపడం ఎలా?

ప్రశ్న: తెలిసినాయనకు చేబదులుగా 12 లక్షలు ఇచ్చాను. ప్రోనోటు ఉంది. లీగల్ నోటీసు పంపితే జవాబు లేదు. దావా వేద్దామనుకుంటున్నా. ఈలోపు ఉప్పల్‌లో ఆయనకున్న ఒక్క ఫ్లాటూ అమ్మకానికి పెట్టాడని తెలిసింది. డిక్రీ వచ్చేనాటికి ఏమీ మిగలదేమో. ముందే జప్తు చేయించడం కుదురుతుందా? చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు:

కుదురుతుందండీ. నేను చేయించాను, కాకపోతే మొదటిసారి ఓడిపోయి రెండోసారి గెలిచాను. నేను లాయర్ని కాదు, మలక్‌పేటలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ నడుపుకునేవాణ్ణి. రెండేళ్లు కోర్టు వరండాల్లో నిలబడ్డాక అర్థమైన సంగతులు రాస్తున్నా.

దీన్ని కోర్టులో ఏబీజే అంటారు, అంటే అటాచ్‌మెంట్ బిఫోర్ జడ్జిమెంట్, తీర్పుకు ముందు జప్తు. సీపీసీలో, అంటే సివిల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టంలో, ఆర్డర్ 38, రూల్ 5. దావా పెండింగులో ఉండగా ఏ దశలోనైనా అడగవచ్చు గానీ దావా అంటూ లేకుండా అడగలేం. కాబట్టి ప్లెయింటుతో, అంటే దావా పత్రంతో పాటే ఈ పిటిషన్ కూడా వేయించండి. "ముందు కేసు నంబరు కానీండి, తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోకండి. సమన్లు అందిన రోజు నుంచీ అవతలివాడు జాగ్రత్తపడతాడు.

నా సంగతికొస్తే, 2021 జూన్‌లో ఒక పాత మిత్రుడికి ఎనిమిదిన్నర లక్షలు ఇచ్చాను, నూటికి రూపాయిన్నర వడ్డీకి. ఆరు నెలలు వడ్డీ కట్టి ఆపేశాడు. 2023 నవంబరులో దావా వేసేనాటికి 23 నెలల వడ్డీ, నెలకు 12,750 చొప్పున, 2,93,250 అయింది. అసలుతో కలిపి 11,43,250. అతనికి ఓఆర్ఆర్ దగ్గర 200 గజాల ప్లాట్లు రెండు, పక్కపక్కనే ఉన్నాయి. రెంటినీ జప్తు చేయమని దావాతో పాటే పిటిషన్ వేశాం.

ఆ పిటిషన్ ఎందుకు పోయిందో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది పిటిషన్లు అక్కడే పోతాయి. నా అఫిడవిట్ నాలుగు పేజీలు. అందులో మూడున్నర పేజీలు నేను డబ్బు ఎలా ఇచ్చాను, అతను నన్ను ఎలా మోసం చేశాడు అన్నదే. ఆస్తి గురించి ఒక్కటే వాక్యం: "ప్రతివాది తన ఆస్తులను అన్యాక్రాంతం చేయడానికి ప్రయత్నిస్తున్నట్లు నమ్మకంగా తెలిసింది." ఎవరు చెప్పారు, ఎప్పుడు, ఎక్కడ, ఏ ప్లాటు? ఏమీ లేదు. జడ్జిగారు జప్తు ఇవ్వకుండా నోటీసు మాత్రం ఇచ్చారు. అతను వచ్చి "అమ్మే ఉద్దేశమే లేదు, అప్పే అబద్ధం" అని కౌంటర్ వేశాడు. జనవరిలో పిటిషన్ కొట్టేశారు. ఆ నోటీసే అతనికి హెచ్చరిక అయింది. డిసెంబరులోనే ఒక ప్లాటును బావమరిది పేర రిజిస్టర్ చేసేశాడు.

కోర్టు తప్పేం లేదు. రామన్ టెక్ వర్సెస్ సోలంకీ ట్రేడర్స్ అనే 2007 నాటి సుప్రీంకోర్టు తీర్పును ఇలాంటి ప్రతి పిటిషన్లోనూ ప్రతివాది లాయరు చూపిస్తాడు. మన దావాకు బలముంటే చాలదని, అవతలివాడు రాబోయే డిక్రీని తప్పించుకోవాలనే ఉద్దేశంతోనే ఆస్తి వదిలించుకుంటున్నాడని కోర్టుకు నమ్మకం కలగాలని అందులో ఉంది. తాకట్టు లేని అప్పును తాకట్టు ఉన్న అప్పుగా మార్చుకోవడానికి ఈ రూల్ కాదని కూడా. అవసరానికి ఇల్లు అమ్ముకునే హక్కు అప్పున్నవాడికీ ఉంటుంది కదా. మనం చూపించాల్సింది అప్పు కాదు, అతని ఎత్తుగడ.

రెండోసారి లాయర్ని మార్చాను. ఆయన (కొంచెం కోపిష్ఠి, కానీ పని తెలిసిన మనిషి) నా చేత నాలుగు కాగితాలు తెప్పించాకే పెన్ను పట్టుకున్నారు. మొదటిది ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే సర్టిఫికెట్. దావా వేసిన నెల తిరక్కుండా బావమరిదికి జరిగిన రిజిస్ట్రేషన్ అందులో కనబడుతోంది. పోయిన ప్లాటు పోయింది గానీ, మిగిలిన ప్లాటు విషయంలో అదే నాకు గట్టి సాక్ష్యమైంది. పరిస్థితి మారింది కాబట్టి రెండో పిటిషన్ వేయడానికి అడ్డం రాలేదు. రెండోది, మిగిలిన ప్లాటు అమ్మకానికి ఉందని వాట్సాప్ గ్రూపులో వచ్చిన ప్రకటన ప్రింటు, తేదీ కనబడేలా. మూడోది థర్డ్ పార్టీ అఫిడవిట్. "ఫలానా తేదీన యజమానే నన్ను ప్లాటు దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు, త్వరగా క్యాష్ ఇస్తే రేటు తగ్గిస్తానన్నాడు" అని ఒక ప్రాపర్టీ బ్రోకరు ప్రమాణం చేసి ఇచ్చాడు. అతన్ని ఒప్పించడానికి నాకు మూడు వారాలు, లెక్కలేనన్ని ఇరానీ చాయ్‌లు పట్టాయి. నాలుగోది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్. జప్తు కోరే ఆస్తి వివరం, అంచనా విలువ మనమే చెప్పాలని రూల్లో ఉంది. సర్వే నంబరు, ప్లాటు నంబరు, నాలుగు హద్దులు షెడ్యూల్లో తప్పు లేకుండా ఉండాలి. ప్రభుత్వ విలువ ప్రకారం ఆ ప్లాటు 13 లక్షలు. నా బాకీకి దగ్గరగా ఉంది కాబట్టి "ఇంత ఆస్తి ఎందుకు" అన్న ప్రశ్న రాలేదు.

ఆర్డరు మార్చి 2న వచ్చింది. 72 గంటల్లో పదకొండున్నర లక్షలకు సెక్యూరిటీ ఇవ్వాలి, లేదా ఎందుకివ్వనక్కర్లేదో చెప్పుకోవాలి, ఈలోపు షరతులతో కూడిన జప్తు. ఈ చివరి ముక్కను మీ లాయరు ప్రత్యేకంగా అడగాలి. అది లేకపోతే ఆ గడువులోనే ఆస్తి చేతులు మారిపోవచ్చు. మొదటి ముక్కా అంతే ముఖ్యం. సెక్యూరిటీ ఇచ్చే, కారణం చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా నేరుగా జప్తు చేస్తే ఆ జప్తు చెల్లదని అదే రూల్లోని నాలుగో ఉపనిబంధన చెబుతుంది. ఆర్డరు కాపీ చేతికి రాగానే ఈ రెండూ ఉన్నాయో లేదో మీ కళ్లతో చదువుకోండి.

ఇక్కడ హైదరాబాద్ వాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటుంది. అతను ఉండేది సిటీలో కాబట్టి దావా సిటీ కోర్టులో వేశాం. ప్లాటేమో రంగారెడ్డి జిల్లాలో. కోర్టు పరిధి బయట ఉన్న ఆస్తిని జప్తు చేయాలంటే సెక్షన్ 136 ప్రకారం ఆర్డరు కాపీ అక్కడి జిల్లా కోర్టుకు వెళ్లి, అక్కడి సిబ్బంది చేతుల మీదుగా అమలు కావాలి. అమలు చేసే సిబ్బంది ఖర్చుల బ్యాటా అదే రోజు కట్టినా, ఆ కాగితం ఈ కోర్టు నుంచి ఆ కోర్టుకు చేరి, కోర్టు అమీను ప్లాటు దగ్గరికి వెళ్లేసరికి మార్చి 11 అయింది. ఆ తొమ్మిది రోజులూ నాకు నిద్ర లేదు. మీ ఉప్పల్ ఫ్లాటు మేడ్చల్ మల్కాజ్‌గిరి జిల్లాలోకి వస్తుంది. ఆయన నివాసం, డబ్బు చేతులు మారిన చోటు చూసి, వీలైతే ఫ్లాటు పరిధిలోని కోర్టులోనే దావా నిలబడుతుందేమో లాయర్ని అడగండి. వారం పది రోజులు కలిసొస్తాయి.

జప్తు అంటే తాళం వేసి స్వాధీనం చేసుకోవడం అనుకున్నాను నేను. కాదు. అమ్మకూడదని, తాకట్టు పెట్టకూడదని నిషేధం, అంతే. డప్పు వేయించి చాటారు, ప్రహరీ గోడకు ఆర్డరు అతికించారు, కోర్టు నోటీసు బోర్డులో పెట్టారు. వీటితో పాటు ఒక కాపీ సబ్ రిజిస్ట్రార్‌కు పంపమని మెమో వేసి అడిగాం. కొనబోయేవాడు చూసేది గోడ మీది కాగితం కాదు, ఈసీ. తర్వాత ఈసీ తీసి, జప్తు ఎక్కిందని చూసుకున్నాకే నాకు ఊపిరి ఆడింది. జప్తు తర్వాత చేసే ప్రైవేటు అమ్మకం, ఆ జప్తు కింద మనకు రావలసిన బాకీ వరకూ, సెక్షన్ 64 ప్రకారం చెల్లదు.

అయితే జప్తుకు ముందే ఇతరులకు ఏర్పడిన హక్కులను ఇది తాకదు. మా కేసులో ఏప్రిల్లో ఒకాయన క్లెయిమ్ పిటిషన్ వేశాడు, తనకు మార్చి 4నే అగ్రిమెంట్ ఆఫ్ సేల్ అయిందని. అది నిజమైతే నాకు కష్టమే అయ్యేది. మా లాయరు అగ్రిమెంటును తిరగేసి చూశారు. స్టాంపు పేపరు వెనక వెండర్ రాసిన అమ్మకం తేదీ మార్చి 19! జప్తయిన ఎనిమిది రోజులకు కొన్న కాగితం మీద, జప్తుకు ఏడు రోజుల ముందటి తేదీ. క్లెయిమ్ కొట్టేశారు. ఇలాంటి అగ్రిమెంట్ ఏది వచ్చినా ముందు వెనక వైపు చూడండి.

బావమరిదికి పోయిన ప్లాటు మాత్రం ఈ దారిలో రాలేదు. జప్తు నాటికి అది ప్రతివాది ఆస్తి కాదు. అప్పులవాళ్లను మోసగించడానికే రాశాడని టీపీ యాక్టు, అంటే ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 53 కింద విడిగా పోరాడాలి. నేను అంతవరకూ వెళ్లలేదు.

ఇంకో ప్రమాదం మన వైపు నుంచే వస్తుంది. వాయిదాకు ఎవరూ హాజరుకాక దావా డిఫాల్టులో కొట్టేశారనుకోండి, జప్తు కూడా పోతుంది. తర్వాత దావాను పునరుద్ధరించుకున్నా, పాత జప్తు దానంతటది తిరిగి ప్రాణం పోసుకోదు, ఆర్డర్ 38లోని రూల్ 11ఎ అదే చెబుతుంది. ఈ భయంతోనే నేను ప్రెస్ మూసుకుని మరీ ప్రతి వాయిదాకూ వెళ్లాను. అలాగే సరైన కారణం లేకుండా జప్తు తెచ్చుకున్నామని తేలితే, సెక్షన్ 95 కింద అవతలివాడికి 50,000 వరకు పరిహారం కట్టాల్సి రావచ్చు. బ్రోకరు చెప్పనిది చెప్పాడని రాయించకండి.

2025లో డిక్రీ వచ్చింది. ఈపీలో, అంటే డిక్రీ అమలు పిటిషన్లో, మళ్లీ జప్తు చేయించే పని లేకుండా నేరుగా వేలానికి అడిగాం. వేలం నోటీసు గోడకు పడిన వారానికి అతనే ఫోన్ చేశాడు, నాలుగేళ్ల తర్వాత మొదటిసారి. రెండు విడతల్లో కట్టాడు. వడ్డీలో కొంత వదులుకున్నాను.

మీరు ఈరోజే చేయాల్సింది ఆ ఫ్లాటు ఈసీ తీయడం. దాని మీద బ్యాంకు తాకట్టు ఉంటే ముందు బ్యాంకుదే హక్కు, మిగిలినదే మీకు. లోను ఎంత ఉందో చూసుకోకుండా జప్తుకు ఖర్చు పెట్టకండి. అమ్మకపు ప్రకటన ఎక్కడైనా ఉంటే తేదీతో సహా దాచుకోండి, రేపు అది తీసేయవచ్చు. "అమ్మకానికి పెట్టాడని తెలిసింది" అన్నారు కదా, ఆ చెప్పినాయన అఫిడవిట్ మీద సంతకం పెడతాడా? ముందు ఆయన్ని వెళ్లి కలవండి.