థోర్ గెలుస్తాడని వాదించబోతున్న మా చిన్నోడికి

చిన్నోడా,

ఆదివారం మీ ఫ్రెండ్స్ అందరూ కూర్చుంటారని, ఉత్తర ఐరోపా పాత కథల దేవుడు థోర్, గ్రీకు దేవుళ్ల రాజు జియస్ కొట్టుకుంటే థోరే గెలుస్తాడని నువ్వు వాదించబోతున్నావని ఫోన్లో చెప్పావు. నేనూ ఈ పక్షమే. కాలేజీ రోజుల నుంచి ఇదే వాదన చేస్తున్నాను, మొదట్లో చాలాసార్లు ఓడిపోయాను కూడా. ఎక్కడ ఓడిపోయానో ముందే చెప్తే నీకు పనికొస్తుందని రాస్తున్నా.

ముందు సినిమా థోర్‌ని పక్కన పెట్టు. అర్హత ఉన్నవాడే థోర్ సుత్తి ఎత్తగలడన్న మాట పాత కథల్లో లేదు. థ్రిమ్ అనే రాక్షసుడు దాన్ని ఎత్తుకెళ్లి భూమిలో పాతిపెట్టాడు, థోర్ పెళ్లికూతురు వేషం వేసుకుని వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది. "జియస్ సుత్తిని కదపలేడు" అన్నావనుకో, ఈ కథ తెలిసినవాడు ఒక్కడున్నా నీ వాదన మొత్తం పోతుంది. ఐస్‌లాండ్‌లో స్నోరి స్టర్లూసన్ 1220 ప్రాంతంలో రాసిపెట్టిన కథలు, ఆ పాత పద్యాలు, వాటి మీదే నిలబడు.

నేను ఎక్కువసార్లు ఓడింది ఒకే ఒక్క ప్రశ్నకి: "జియస్‌కి చావు లేదు కదా, థోర్ ఎలా గెలుస్తాడు?" నిజమే. గ్రీకు దేవుళ్లు అమరులు. థోర్ మాత్రం చివరి యుద్ధంలో మహాసర్పాన్ని చంపి, దాని విషానికి తొమ్మిది అడుగులు నడిచి పడిపోతాడు. ఇది దాచకు, దాస్తే వాళ్లే బయటపెడతారు. కాబట్టి వాదన మొదలుపెట్టకముందే గెలుపు అంటే ఏంటో ఒప్పించు. ఇద్దరే ఉండాలి, ఎవరూ సాయం రాకూడదు, ఒకడు ఇక లేచి కొట్టలేని స్థితికి వస్తే రెండోవాడు గెలిచినట్టు. దీనికి వాళ్లు ఒప్పుకుంటే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే జియస్ సరిగ్గా ఆ స్థితికి ఒకసారి వచ్చాడు.

అది టైఫోన్ అనే రాక్షసుడితో జరిగిన పోరు. అపొలోడోరస్ పేరుతో మనకి దొరికిన పురాణ సంగ్రహంలో ఉంది. టైఫోన్ దూరంగా ఉన్నంతసేపు జియస్ పిడుగులు విసిరాడు, దగ్గరికి వచ్చాక వజ్రంలాంటి కొడవలితో కొట్టాడు. టైఫోన్ గాయపడి సిరియాలోని కాసియస్ కొండ దాకా పారిపోయాడు. ఇంక అయిపోయిందనుకుని జియస్ మీదపడి కలియబడ్డాడు. అంతే, టైఫోన్ తన పాము చుట్లతో అతన్ని చుట్టేసి, కొడవలి లాక్కుని, చేతుల నరాలూ కాళ్ల నరాలూ కోసేశాడు. ఆ నరాల్ని ఎలుగుబంటి తోలులో దాచి, జియస్‌ని భుజాన వేసుకుని సముద్రం దాటించి ఒక గుహలో పడేశాడు. హెర్మెస్, ఈజిపాన్ అనే దేవుళ్లిద్దరూ వెళ్లి నరాలు దొంగిలించి మళ్లీ అతికిస్తే తప్ప జియస్ లేవలేదు. లేచాక గెలిచాడనుకో, అది వేరే సంగతి. మన షరతులో హెర్మెస్ రాడు.

ఇక్కడ ఒకడు పాత గ్రీకు కవి హెసియడ్‌ని తెస్తాడు. హెసియడ్ పద్యంలో జియస్ ఒలింపస్ నుంచి దూకి టైఫోన్ తలలన్నీ కాల్చి పారేస్తాడు, నరాల గొడవే లేదు. అది ఇంకా పాతది కూడా. కాదనకు. నువ్వు అనాల్సింది ఒకటే, రెండు కథల్లోనూ జియస్‌ని గెలిపించింది పిడుగే. పిడుగు పనిచేసిన చోట గెలిచాడు, చేతులు కలిసిన చోట కూలిపోయాడు. అప్పుడు మొత్తం వాదన ఒక్క ప్రశ్న దగ్గరికి వచ్చి ఆగుతుంది: థోర్ ఆ పిడుగుల్ని తట్టుకుని దగ్గరికి వెళ్లగలడా?

దీనికి చాలామంది "థోర్ కూడా ఉరుముల దేవుడే, పిడుగు అతన్నేం చేస్తుంది" అంటారు. నువ్వు అనకు. అలా ఏ కథలోనూ రాసి లేదు. గెయిర్రోద్ కథ చెప్పు. గెయిర్రోద్ అనే రాక్షసుడి ఇంటికి థోర్ వెళ్లినప్పుడు అతని దగ్గర సుత్తి లేదు, బలం పెంచే నడికట్టు లేదు, ఇనుప చేతితొడుగులూ లేవు. దారిలో గ్రిడ్ అనే రాక్షస స్త్రీ జాలిపడి తన నడికట్టు, తొడుగులు, ఒక కర్ర అరువిచ్చింది. లోపలికి వెళ్లగానే గెయిర్రోద్ ఎర్రగా కాగిన ఇనుప ముద్దని పటకారుతో తీసి థోర్ మీదకి విసిరాడు. థోర్ దాన్ని గాల్లోనే పట్టుకున్నాడు. గెయిర్రోద్ ఇనుప స్తంభం వెనక దాక్కుంటే, థోర్ తిరిగి విసిరిన ముద్ద స్తంభంలోంచి, గెయిర్రోద్‌లోంచి, గోడలోంచి దూసుకెళ్లి బయట నేలలో దిగబడింది. అగ్నిలాంటి ఆయుధం ఎదురొస్తే థోర్ ఏం చేస్తాడో చెప్పే కథల్లో నాకు తెలిసి ఇంతకంటే దగ్గరది లేదు. కాగిన ఇనుము పిడుగుతో సమానం కాదని వాళ్లంటే ఒప్పుకో. కానీ అరువు సామానుతోనే ఇంత చేసినవాడి చేతిలో సొంత సుత్తి ఉంటే, అది గురి తప్పదు, విసిరితే తిరిగి చేతికే వస్తుంది, అప్పుడేమవుతుందో వాళ్లనే ఆలోచించమను.

హ్రుంగ్నిర్ అనే రాక్షసుడి కథ కూడా నీ దగ్గర ఉండాలి. దాన్ని గొప్పగా మాత్రం చెప్పకు, అందులో థోర్‌కి దెబ్బ తగిలింది. హ్రుంగ్నిర్ పెద్ద సానరాయి విసిరాడు, థోర్ సుత్తి విసిరాడు, రెండూ గాల్లో ఢీకొన్నాయి. రాయి రెండు ముక్కలైంది, సుత్తి ఆగకుండా వెళ్లి హ్రుంగ్నిర్ పుర్రె పగలగొట్టింది. కానీ రాయి ముక్క ఒకటి థోర్ తలలో దిగబడి ఉండిపోయింది, పైగా చచ్చిన రాక్షసుడి కాలు మెడ మీద పడితే మూడు రోజుల కొడుకు మాగ్ని వచ్చి ఎత్తాల్సి వచ్చింది. "చూశావా, అతనికీ సాయం కావాలి" అంటారు. సాయం వచ్చేసరికి శత్రువు చచ్చిపోయి ఉన్నాడు, పోరు ముగిసింది. జియస్‌కి సాయం వచ్చింది ఓడిపోయాక. ఈ తేడా నెమ్మదిగా చెప్పు, హడావిడిలో చెప్తే ఎవరికీ ఎక్కదు.

చివరికి బంగారు గొలుసు తీస్తారు, వాళ్ల దగ్గరున్న గట్టి ఆయుధం అదే. హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్ ఎనిమిదో సర్గలో జియస్, దేవుళ్లంతా కలిసి ఒక గొలుసు పట్టుకుని లాగినా తనని కిందకి దించలేరని, తాను తలచుకుంటే భూమినీ సముద్రాన్నీ కలిపి పైకి లాగేస్తానని అంటాడు. విన్నవాళ్లకి ఒళ్లు గగుర్పొడుస్తుంది, నాకూ ఇప్పటికీ అంతే. కానీ ఆ గొలుసు ఎవరూ లాగలేదు, అది అతను తన గురించి చెప్పుకున్న మాట. అదే ఇలియడ్ మొదటి సర్గలో వీరుడు అకిలీస్ తన తల్లి థెటిస్‌కి ఏం గుర్తు చేస్తాడో చదివి వినిపించు: హెరా, పొసైడన్, ఎథీనా కలిసి జియస్‌ని కట్టేయబోతే, థెటిస్ వంద చేతుల బ్రియారియస్‌ని పిలుచుకొచ్చి కాపాడింది. అటువైపు ముగ్గురున్నారని వాళ్లు అంటారు, నిజమే, ఆ మేరకు ఒప్పుకో. గొలుసు మాట అక్షరాలా నిజమైతే ముగ్గురికే అంత భయం ఎందుకని మాత్రం అడిగి ఆగిపో, వాళ్లని మాట్లాడనివ్వు.

ఇలియడ్‌లో ఆ రెండు చోట్లా కాగితం ముక్కలు పెట్టి పుస్తకం శనివారం మీ అమ్మ చేత పంపిస్తా. స్నోరి కథలు మాత్రం నా దగ్గర ఒక్క కాపీయే ఉంది, నువ్వే వచ్చి తీసుకెళ్లు.

మీ పెదనాన్న