డాక్టర్ సలహా: పిక్క పట్టేయడం కన్నా వేలు తగలడమే ముఖ్యం

ప్రశ్న: నా వయసు 46. రాత్రి నిద్రలో ఎడమ పిక్క పట్టేస్తోంది. పాదాన్ని పైకి వంచితే వదులుతుంది. కండరాన్ని ఎముకకు కలిపే టెండాన్‌లో టెన్షన్‌ను పసిగట్టే సెన్సార్లు ఉంటాయని, ఒక కండరం బిగిస్తే దాని ఎదుటి కండరం దానంతట అదే వదులవుతుందని జిమ్ ట్రైనర్ చెప్పారు. రోజూ గట్టిగా స్ట్రెచింగ్ చేస్తే ఆ సెన్సార్లు అలవాటుపడి ఈ బాధ పూర్తిగా పోతుందా? తెలిసినవాళ్లు చెబితే రెండు నెలలుగా రాత్రిపూట కండరాల బిగుతు తగ్గించే బాక్లోఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. ఈమధ్య మెట్లెక్కేటప్పుడు ఎడమ బొటనవేలు మెట్టుకు తగులుతోంది, చెప్పులు పాతబడటం వల్ల కావచ్చు. - ఒక పాఠకుడు

జవాబు: చెప్పులు పాతబడితే రెండు కాళ్లకూ ఇబ్బంది ఉండాలి. ఒక్క ఎడమ వేలే తగులుతోందంటే నేను చెప్పుల్ని అనుమానించను. మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ చివరి వాక్యమే. కాబట్టి ముందు దాని గురించే రాస్తాను.

మెట్టెక్కేటప్పుడు పాదం పైకి లేవాలంటే మోకాలి కింద ముందువైపున్న కండరం బిగుసుకోవాలి, అదే క్షణంలో వెనకున్న పిక్క వదులవ్వాలి. ఇందులో చిన్న చిక్కుంది. పాదం లేచేకొద్దీ పిక్క సాగుతుంది. సాగిన కండరం తిరిగి బిగుసుకోవడం సహజం, ఎందుకంటే దాని లోపలి స్పిండిల్స్ అనే సెన్సార్లు ‘సాగుతున్నాను’ అని వెన్నుపాముకు కబురు పంపుతాయి. ఆ కబురుకు పిక్క స్పందించకుండా వెన్నుపాములోని చిన్న నాడీకణాలు అడ్డుకుంటాయి. ముందు కండరాన్ని బిగించమని మెదడు ఇచ్చే ఆదేశం ఈ కణాలకూ అందుతుంది, ముందు కండరం స్పిండిల్స్ నుంచి కూడా వాటికి సంకేతాలు వస్తాయి. అవి పిక్కను నడిపే నాడుల నోరు నొక్కేస్తాయి. మీ ట్రైనర్ చెప్పిన రెసిప్రోకల్ ఇన్హిబిషన్ ఇదే. ఇంతవరకూ ఆయన చెప్పింది సరైనదే.

మెదడు నుంచి వెన్నుపాములోకి దిగే దారిలో ఎక్కడైనా ఒత్తిడి పడితే, ఉదాహరణకు మెడ దగ్గర అరిగిన డిస్కు వెన్నుపామును నొక్కుతుంటే, ఈ అడ్డుకట్ట బలహీనపడవచ్చు. అప్పుడు ముందు కండరం లాగుతున్నా పిక్క వదలదు. బ్రేకు తొక్కిపెట్టి బండి నడిపినట్టుంటుంది. పాదం అనుకున్నంత లేవదు, వేలు తగులుతుంది. ఇలాంటివాళ్లకు రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం కూడా తరచుగా చూస్తుంటాం. మీ రెండు ఫిర్యాదులకూ కారణం ఒకటే కావచ్చు, కాకపోనూ వచ్చు. పరీక్షించకుండా ఇక్కడ కూర్చుని తేల్చలేను.

మరో అవకాశమూ ఉంది. పిక్క మామూలుగానే వదులుతున్నా ముందు కండరానికే బలం తగ్గి ఉండవచ్చు. నడుములో నాడి నొక్కుకుపోయినా, మోకాలి బయటివైపు నాడి దెబ్బతిన్నా అలా అవుతుంది. గోడ పట్టుకుని మడమల మీద నిలబడి, రెండు పాదాల ముందు భాగాలూ పైకెత్తి చూడండి. ఎడమది లేవకపోయినా, లేచి వెంటనే జారిపోయినా ముందు కండరం బలహీనంగా ఉందని అనుమానించాలి. మెల్లగా చేస్తే బాగానే లేచి, గబగబా నడిచేటప్పుడు మాత్రం కాలు కర్రలా బిగుసుకుంటే పిక్క వదలడం లేదన్న అనుమానం పెరుగుతుంది. ఈ బిగుతు స్వభావమే అంత, వేగం పెరిగేకొద్దీ ఎక్కువవుతుంది. డాక్టరు మీ పాదాన్ని ఒక్కసారిగా పైకి నెట్టి పట్టుకున్నప్పుడు అది లయగా కొట్టుకుంటే, అరికాలిని గీసినప్పుడు బొటనవేలు పైకి లేస్తే, వెన్నుపామును లేదా మెదడును చూడాల్సిందే. చొక్కా గుండీలు పెట్టుకోవడం, చేతిరాత ఈమధ్య కష్టమయ్యాయా? అలా ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. చూడాల్సిన చోటు నడుము నుంచి మెడకు మారుతుంది.

ఇక మీరడిగిన సెన్సార్లు. వాటిని గోల్జీ టెండాన్ ఆర్గాన్స్ అంటారు. కండరం టెండాన్‌తో కలిసే చోట ఉంటాయి. ఒక్కోదానికి సుమారు 10 నుంచి 20 కండర తంతువులు ఆనుకుని ఉంటాయి. కండరం పొడవు ఎంతుందన్నది వీటి పని కాదు, ఎంత బలంగా లాగుతోందన్నదే వీటి పని. లాగుడు పెరిగితే వెన్నుపాములోని మధ్యవర్తి కణాల ద్వారా అదే కండరం నాడుల జోరును తగ్గిస్తాయి. టెండాన్ తెగిపోబోతుంటేనే ఇవి మేలుకుంటాయని పాతకాలంలో చెప్పేవారు. అది నిజం కాదు, కండరం తానే బిగుసుకున్నప్పుడు చాలా స్వల్ప బలానికి కూడా స్పందిస్తాయి. బయటి నుంచి సాగదీస్తే మాత్రం అంత తేలిగ్గా కదలవు. నడిచేటప్పుడు వీటి ప్రభావం తిరగబడి, బరువు మోసే కండరానికి సాయపడుతుంది కూడా.

నిద్రలో పాదం కిందికి వాలి పిక్క కురచగా ఉంటుంది. టెండాన్ మీద లాగుడు లేనందున ఈ సెన్సార్ల నుంచి వచ్చే అదుపు తగ్గుతుంది. ఆ సమయంలో నాడులు ఒక్కసారి చెలరేగితే పిక్క పట్టేస్తుందన్నది ఒక బలమైన వివరణ. మీరు పాదాన్ని పైకి వంచినప్పుడు టెండాన్ మీద లాగుడు తిరిగి వస్తుంది. చేత్తో లాగడంతో ఆపకుండా పాదాన్ని మీ అంతట మీరే పైకెత్తితే ఎదుటి కండరం వైపు నుంచి కూడా సాయం అందుతుంది. రెండూ కలిపి చేయండి.

అయితే రోజూ గట్టిగా లాగితే సెన్సార్లు ‘అలవాటుపడవు’. బిగించి వదిలే స్ట్రెచింగ్ తర్వాత నాడుల జోరు తగ్గి ఉండేది కొద్ది క్షణాలే. వారాల తరబడి చేస్తే కీలు ఎక్కువగా వంగడానికి ప్రధాన కారణం ఆ లాగుడును ఓర్చుకోవడం మనకు అలవాటు కావడమే. పడుకునే ముందు పిక్కను మెల్లగా సాగదీయండి, కొందరికి ఉపయోగపడుతుంది. కుదుపులు వద్దు. పిక్క వాచి, వేడిగా, ఎర్రగా ఉంటే మాత్రం స్ట్రెచింగ్, మసాజ్ ఏదీ చేయకుండా అదే రోజు చూపించుకోండి. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చు.

మాత్ర సంగతి రాయకుండా ఉండలేను. తెలిసినవాళ్లు చెప్పారని మందును రెండు నెలలు మింగడం తప్పండీ. బాక్లోఫెన్ పిక్కను వెతుక్కుని వెళ్లే మందు కాదు. వెన్నుపాములో సంకేతాలనే తగ్గిస్తుంది, ముందు కండరం బలాన్ని కూడా తగ్గించవచ్చు. అంటే మీ వేలు తగలడంలో ఈ మాత్రకే వాటా ఉండవచ్చు. లేదా అసలు జబ్బు వల్ల వచ్చే బిగుతును కప్పిపెట్టి, పరీక్షలో దొరకాల్సిన గుర్తులను మసకబారుస్తూ ఉండవచ్చు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో ఇది ఒంట్లో పేరుకుపోతుంది, మగత, అయోమయం వస్తాయి. అలాగని ఇది చదవగానే మాత్రను పారేయకండి. కొంతకాలం వాడి ఒక్కసారిగా ఆపితే కొందరిలో భ్రమలు, ఫిట్స్ వస్తాయి. మోతాదు ఎంతో చూసి ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. అప్పటిదాకా మద్యం, నిద్రమాత్రలు దీనికి కలపవద్దు.

ఈ వారంలోనే న్యూరాలజిస్టును కలవండి. మాత్రల అట్ట, మీ రెండు చెప్పులూ తీసుకెళ్లండి. ఎడమదాని ముందు అంచు ఎక్కువగా అరిగి ఉంటే వేలు ఈడ్చడం ఎన్నాళ్లుగా ఉందో తెలుస్తుంది. సోడియం, పొటాషియం, కాల్షియం, షుగర్, థైరాయిడ్, బి12, క్రియాటినిన్ పరీక్షలు అవసరమవుతాయి. బీపీకి నీళ్లమాత్రలు, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్లు వాడుతుంటే ఆ మాటా చెప్పండి, వాటితోనూ పిక్కలు పట్టేయవచ్చు. మెడకు తీయాలా నడుముకు తీయాలా అన్నది పరీక్షించాకే తేలుతుంది కాబట్టి ముందే మీ అంతట మీరు ఎంఆర్ఐ తీయించుకోకండి. ఈలోగా మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, కాలు హఠాత్తుగా చచ్చుబడినా, మూతి వంకర పోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.