పొరపాటున పంపిన డబ్బు: ఒప్పందం లేదు కదా అంటే సరిపోతుందా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది తెనాలి. ఇల్లు కట్టుకుంటున్నాం. సిమెంటు షాపు ఆయనకి 62,000 రూపాయలు పంపబోయి, అదే పేరుతో ఫోన్‌లో ఉన్న పాత పెయింటర్ ఖాతాకి పంపేశాను. రెండు రోజుల తర్వాత షాపు ఆయన అడిగితే గానీ తెలియలేదు. పెయింటర్‌ని అడిగితే, "నేను మిమ్మల్ని అప్పు అడగలేదు, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆరేడేళ్ల కిందటి పనిలో నాకే 9,000 రావాలి. మిగతాది ఖర్చయిపోయింది" అంటున్నాడు. తప్పు నాదే కాబట్టి ఏమీ చేయలేమని బంధువులు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. డబ్బు వస్తుందా?

జవాబు: వస్తుంది. ఆయన సంతకం పెట్టలేదన్నది నిజమే, కానీ దానితో పని లేదు. భారత కాంట్రాక్టు చట్టం 1872లో 68 నుంచి 72 వరకు ఉన్న సెక్షన్లు ఇలాంటి సందర్భాల కోసమే రాశారు. అక్కడ ఇద్దరి మధ్య ఒప్పందం ఉండదు. అయినా ఒప్పందం ఉంటే ఎలాంటి బాధ్యత వస్తుందో అలాంటి బాధ్యతను చట్టమే ఒకరి మీద పెడుతుంది. మా కోర్టు భాషలో దీన్నే క్వాసీ కాంట్రాక్ట్ అంటాం. ఒకరి సొత్తు ఇంకొకరి చేతిలో పడి, దాన్ని ఉంచుకోవడానికి ఆయనకు ఏ హక్కూ లేకపోతే తిరిగి ఇచ్చేయాలి. ఉంచుకుంటే అది అన్యాయంగా లాభపడటం.

మీకు పనికొచ్చేది 72వ సెక్షన్. పొరపాటున గానీ బలవంతం మీద గానీ ఎవరికైనా డబ్బు చెల్లిస్తే, పుచ్చుకున్నవాడు తిరిగి చెల్లించాలి అన్నదే దాని సారం. చట్టంలోనే ఒక ఉదాహరణ ఉంది. ఇద్దరు కలిసి ఒకరికి 100 రూపాయలు బాకీ. ఒకాయన మొత్తం తీర్చేశాడు. ఆ సంగతి తెలియక రెండో ఆయన కూడా 100 కట్టాడు. రెండోసారి వచ్చిన వంద తిరిగి ఇవ్వాల్సిందే. అక్కడ నిజంగా బాకీ రావాల్సిన మనిషే తిరిగి ఇవ్వాల్సి వచ్చిందంటే, మీ సిమెంటు బిల్లుతో ఏ సంబంధమూ లేని పెయింటర్ మాట చెప్పనక్కర్లేదు.

"తప్పు నాదే" అన్న భయం వదిలేయండి. 1841లో ఇంగ్లండులో కెల్లీ వర్సెస్ సొలారీ అనే కేసు నడిచింది. భర్త పాలసీ ప్రీమియం కట్టక రద్దయిపోయింది. ఆ సంగతి ఇన్సూరెన్స్ కంపెనీ డైరెక్టర్లకు ముందు తెలిసినా మరిచిపోయి భార్యకు డబ్బిచ్చేశారు, తర్వాత వెనక్కి అడిగారు. జాగ్రత్తగా చూసుకోలేదన్న ఒక్క కారణంతో అడిగే హక్కు పోదని అక్కడి జడ్జీలు అన్నారు. మన 72వ సెక్షన్ కూడా పొరపాటు ఎలా జరిగిందని అడగదు, జరిగిందా లేదా అనే చూస్తుంది. 1958లో కన్హయ్యలాల్ సరాఫ్ అమ్మకపు పన్ను కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, చట్టం తెలియక చేసిన పొరపాటు కూడా ఈ సెక్షన్‌లోకి వస్తుందని చెప్పింది. మీది అంతకన్నా తేలిక, మనిషినే పొరబడ్డారు.

అయితే, తెలిసే ఇచ్చిన డబ్బుకు ఇది వర్తించదు. పండక్కి ఎవరికో కానుకగా ఇచ్చి, తర్వాత మాటా మాటా వచ్చి వెనక్కి అడిగితే కోర్టు వినదు. కాబట్టి పంపే క్షణంలో మీరు పొరబడ్డారని మీరే రుజువు చేయాలి. సిమెంటు షాపు బిల్లు, అందులో 62,000 అన్న అంకె, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ నంబరు, పంపేటప్పుడు "సిమెంట్" అని ఏమైనా రాసి ఉంటే అది, తర్వాత షాపు ఆయనకు మళ్లీ కట్టిన రసీదు, ఇవన్నీ ఒకదాన్నొకటి బలపరుస్తాయి. పెయింటర్‌తో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ ఫోన్ మార్చకండి, మెసేజ్‌లు చెరపకండి. కోర్టులో స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం దానితో ధ్రువపత్రం కూడా జత చేయాలి.

ఇప్పుడు ఆ 9,000 సంగతి. మీ కేసులో నన్ను నిజంగా ఆలోచింపజేసింది ఇదే. కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్ ప్రకారం, బాకీదారు దేనికి కడుతున్నాడో చెప్పకుండా డబ్బిస్తే, దాన్ని కాలపరిమితి దాటిన పాత బాకీకి కూడా జమ వేసుకునే వీలు అప్పిచ్చినవాడికి ఉంది. పెయింటర్ తరఫు లాయర్ దీన్ని పట్టుకోవచ్చు. కానీ ఆ సెక్షన్ బాకీదారుగా కట్టిన డబ్బు గురించి. మీరు ఆయన బాకీ కింద ఒక్క రూపాయి కూడా పంపలేదు, పంపాలనుకున్న మనిషే వేరు. ఇక కోర్టులో మినహాయింపు అడగాలంటే ఆ బాకీ చట్టప్రకారం వసూలు చేయగలిగేదై ఉండాలి. చేసిన పనికి రావాల్సిన డబ్బు కోసం మామూలుగా మూడేళ్లలో దావా వేయాలి. ఆరేడేళ్లయింది కాబట్టి ఆ దారి మూసుకుపోయినట్టే, మధ్యలో మీరు బాకీ ఒప్పుకుంటూ ఏమైనా రాసిచ్చి ఉంటే తప్ప. అందుకే ఇప్పుడు మెసేజ్‌లలో "నీ తొమ్మిది వేలు ఉంచుకో" లాంటి మాట తొందరపడి రాయకండి.

ఖర్చయిపోయింది అనే మాటకు 72వ సెక్షన్‌లో చోటు లేదు. ఆ డబ్బు ఆయనదేనని మీరే నమ్మించి ఖర్చు పెట్టించి ఉంటే కోర్టు ఆలోచించేదేమో. మీరు అలాంటిదేమీ చేయలేదు, విషయం తెలియగానే అడిగారు.

ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. పొరపాటు మీదైనప్పుడు ఆయన ఒప్పుకోకుండా బ్యాంకు ఆ డబ్బు వెనక్కి లాగలేదు, కానీ మీరు వెంటనే అడిగారనడానికి ఆ రసీదు సాక్ష్యం. తర్వాత లాయర్ నోటీసు పంపండి. 62,000 తిరిగి ఇవ్వడానికి 15 రోజుల గడువు పెట్టి, ఇవ్వకపోతే నోటీసు తేదీ నుంచి వడ్డీ కూడా అడుగుతామని అందులో స్పష్టంగా రాయించండి. ఆ ఒక్క వాక్యం మరిచిపోయి దావాకు ముందు కాలం వడ్డీ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఇలాంటి దావాకు కాలపరిమితి డబ్బు అందిన రోజు నుంచి మూడేళ్లు. పొరపాటు ఆలస్యంగా తెలిస్తే తెలిసిన రోజు నుంచి లెక్కించే వెసులుబాటు ఉంది. మీకు రెండు రోజుల్లోనే తెలిసింది కాబట్టి దాని మీద ఆధారపడకుండా, డబ్బు పంపిన తేదీ నుంచే లెక్క పెట్టుకోండి.

పోలీసు కేసు పెడతానని బెదిరించకండి. పొరపాటున వచ్చిందని తెలిసీ దురుద్దేశంతో వాడుకుంటే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ కింద నేరమే. కానీ ఆయన నా బాకీ అని వాదిస్తున్నప్పుడు దురుద్దేశం రుజువు చేయడం కష్టం, ఈలోగా మీ సివిల్ దావా వెనకబడుతుంది.

ఈ మొత్తానికి నేనైతే దావా కంటే ముందు మండల న్యాయ సేవాధికార కమిటీలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు పిలిపిస్తాను. కోర్టు ఫీజు ఉండదు. ఆయన రాకపోయినా, రాజీకి ఒప్పుకోకపోయినా అప్పుడు సివిల్ కోర్టుకు వెళ్లవచ్చు. ఆ 9,000 నిజంగా బాకీ ఉన్నామని మీ మనసుకు తెలిస్తే, అది తగ్గించుకుని 53,000కు రాజీ పడటంలో తప్పేమీ లేదు, నిర్ణయం మీది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు కాబట్టి ఎంత ఇస్తాడు, ఏ తేదీకి ఇస్తాడు, తప్పితే వడ్డీ ఎంత అన్నవి కాగితం మీద చదివించుకుని గానీ సంతకం పెట్టకండి.