ఇష్టమైన టాపిక్కా, వ్యూస్ వచ్చే టాపిక్కా?

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. యూట్యూబ్ ఛానెల్ పెట్టాలని ఉంది. నాకు పెన్సిల్ డ్రాయింగ్ ఇష్టం. ఫోన్ రివ్యూలకైతేనే వ్యూస్ వస్తాయని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏది ఎంచుకోవాలి సార్?

జవాబు: డ్రాయింగే ఎంచుకోండి. అయితే మొత్తం డ్రాయింగ్ కాదు, అందులో ఒక చిన్న భాగం.

ఫోన్ రివ్యూలకు వ్యూస్ ఉన్నమాట నిజమే. కానీ అవి ఎక్కువగా ఫోన్ విడుదలైన కొత్తలోనే వస్తాయి. పెద్ద ఛానెళ్లకు కంపెనీలే ముందుగా ఫోన్ పంపిస్తాయి కాబట్టి వాళ్ల వీడియో విడుదల రోజుకే సిద్ధంగా ఉంటుంది. మీరు కొని, వాడి, వీడియో చేసేసరికి చూడాల్సినవాళ్లు చూసేసి ఉంటారు.

ముందు మీ ఇష్టం ఎంత గట్టిదో చూసుకోండి. ఎక్కడా వెతకకుండా 30 వీడియోలకు టైటిళ్లు రాయండి. పదికే ఆగిపోతే, మీకు బొమ్మలు వేయడం ఇష్టమే గానీ వాటి గురించి చెప్పడానికి ఇంకా సరుకు లేదన్నమాట.

తర్వాత డిమాండ్. ఇన్‌కాగ్నిటో విండోలో యూట్యూబ్ తెరిచి ‘ముఖం డ్రాయింగ్’ అని టైప్ చేస్తే కింద కనిపించే సూచనలు జనం వెతుకుతున్న వాటినుంచే వస్తాయి. జనం ఒక మాటను ఎప్పుడు ఎంతగా వెతికారో చూపే గూగుల్ ట్రెండ్స్‌లో YouTube Search ఎంచుకుని ఐదేళ్ల గ్రాఫ్ కూడా చూడండి. అక్కడ కనిపించే 100 అంటే వంద మంది కాదు, ఆ కాలంలో అత్యధిక స్థాయి అని. కాబట్టి అంకె కన్నా గీత నిలకడగా ఉందా, పడిపోతోందా అన్నదే చూడాలి.

ఎక్కువమంది తప్పులో కాలేసేది పోటీ దగ్గరే. వీడియోలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి భయపడతారు. అసలు చూడాల్సింది చిన్న ఛానెళ్లను. ఉదాహరణకు 2,000 మంది సబ్‌స్క్రైబర్లున్న ఛానెల్‌లో, ఈ ఏడాది పెట్టిన వీడియోకు 40,000 వ్యూస్ ఉంటే, కొత్తవాళ్లకు అక్కడ చోటు ఉందన్నట్టే. అలాంటివి ఒక్కటి కాదు, వేర్వేరు ఛానెళ్లలో కనీసం మూడు దొరకాలి. ఒక్కటే అయితే అదృష్టం కావచ్చు. షార్ట్స్‌ను ఈ లెక్కలో కలపకండి, వాటి వ్యూస్ తీరే వేరు. అసలు వీడియోలే లేకపోతే సంబరపడకండి, చాలాసార్లు అడిగేవాళ్లూ లేరనే అర్థం.

ఆ తర్వాత కామెంట్లు చదవండి. ‘ఒక కన్ను పైకి, ఒకటి కిందికి వస్తోంది’, ‘బొమ్మ బాగానే ఉంది గానీ పోలిక రావట్లేదు’ లాంటివి పదేపదే కనిపించి, జవాబు చెప్పినవాళ్లు లేకపోతే మీ టాపిక్ దొరికినట్టే. ‘ముఖచిత్రాల్లో పోలిక ఎందుకు తప్పుతుంది, ఎలా సరిదిద్దాలి’ అనే దాని మీదే మొదటి పది వీడియోలు చేయండి. తర్వాత యూట్యూబ్ స్టూడియోలో ట్రాఫిక్ సోర్స్ తెరిచి, ఏ మాటలు వెతికి మీ దగ్గరికి వచ్చారో చూడండి. పదకొండో వీడియో దాన్నిబట్టి ఉండాలి.